ఆ సైట్ ఎవరు చేశారో ముందు కనుక్కోండి

ప్రశ్న: నమస్తే అండీ. నేను మూడేళ్లుగా ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌ని. ఈమధ్య ఒక చిన్న క్లినిక్ సైట్ చూశాను. పేజీ అడుగున 2011 అని ఉంది, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. "మీ సైట్ అవుట్‌డేటెడ్‌గా ఉంది, స్పీడ్ స్కోర్ 31, మొబైల్‌లో సరిగా రావట్లేదు, సెక్యూర్ కూడా కాదు, కొత్తగా చేసిస్తాను" అని డాక్టర్ గారికి మెయిల్ పెట్టాను. "మా సైట్ మాకు బాగానే ఉంది, థాంక్స్" అని ఒక్క లైన్ జవాబు వచ్చింది. నేను రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఇప్పుడు ఒక పిల్లల క్లినిక్ సైట్ కనబడింది, దాదాపు అదే పరిస్థితి. వాళ్ల సైట్‌ని కించపరచకుండా పని అడగడం ఎలా?

జవాబు: నిజమే, అబద్ధం లేదు. కానీ అది ఎవరి చేతికి వెళ్లిందో ఆలోచించండి. చిన్న క్లినిక్‌లో సైట్ చూసుకోవడానికి వేరే మనుషులుండరు. అప్పట్లో ఆ నీలం రంగు బాగుందన్నది డాక్టర్ గారే అయి ఉంటారు. "మా గురించి" పేజీ రాత్రిపూట కూర్చుని రాసుకున్నదీ ఆయనే అయి ఉంటారు. చేసిపెట్టింది చాలాసార్లు మేనల్లుడో, స్నేహితుడి కూతురో. మీరు సైట్ గురించి రాశాననుకున్నారు, ఆయన మాత్రం తన గురించి చదువుకున్నారు.

ఈ మాట నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. కొత్తలో ఒక పళ్ల డాక్టర్ గారి గదిలో కూర్చుని, "ఈ మెనూ ఎవరు పెట్టారో గానీ, దేనికోసం ఎక్కడ నొక్కాలో దేవుడికే తెలియాలి" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. బయట రిసెప్షన్‌లో కూర్చున్నావిడ లోపలికి తొంగి చూశారు. ఆవిడ ఆయన భార్య. ఆ మెనూ పెట్టింది కూడా ఆవిడే. తర్వాత నేనేం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

అందుకే ఇప్పుడు ఏ క్లినిక్‌కి రాసే ముందైనా సైట్ చరిత్ర చూస్తాను. పేజీ అడుగున చేసినవాళ్ల పేరు ఉందేమో చూస్తాను. తర్వాత web.archive.org లో ఆ సైట్ అడ్రస్ కొడతాను. ఏ ఏడాది ఎలా ఉండేదో, చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చాలావరకు అక్కడే దొరుకుతుంది. సైట్ 2011లో చేసినా, 2019లో కొత్త టీకాల పేజీ ఒకటి చేరిందనుకోండి. అంటే దాన్ని ఎవరో ఇంకా పట్టించుకుంటున్నారని అర్థం. అలాంటి చోట "వదిలేసిన సైట్" అన్నట్టు మాట్లాడితే మీ పని అక్కడితో సరి.

ఈ తవ్వకంలో ఇంకో లాభం ఉంది. ఆ సైట్‌ని మనస్ఫూర్తిగా గౌరవించడానికి కారణం దొరుకుతుంది. 2011లో సైట్ చూసేది ఎక్కువగా బల్ల మీది కంప్యూటర్లలో. పేజీ వెడల్పు 960 పిక్సెళ్లో, 1000 పిక్సెళ్లో అని ఖాయం చేసి కట్టడమే అప్పటి పద్ధతి. తెరని బట్టి పేజీ తనే సర్దుకునే విధానానికి ఒక పేరంటూ వచ్చింది 2010లో. అది మామూలు డెవలపర్ల దాకా రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. కాబట్టి ఆ సైట్ చేసినవాళ్లు తప్పు చేయలేదు, అప్పటి లెక్క ప్రకారం సరిగ్గానే కట్టారు. తర్వాత చూసే వస్తువు మారింది. ఈ మాట మీరు మొహమాటానికి కాకుండా నిజంగానే నమ్మి చెప్పవచ్చు.

ఇక ఆ పిల్లల క్లినిక్ సైట్‌ని డెవలపర్‌గా కాకుండా, జ్వరంతో ఉన్న బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లిగా తెరవండి. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, ప్రైవేట్ విండోలో చూడండి. లేకపోతే ఇంతకుముందు చూసిన పేజీలు ఫోన్‌లో దాచి ఉండి వేగం తప్పుగా తెలుస్తుంది. ఆ తల్లికి కావలసినవి మూడే: ఇప్పుడు డాక్టర్ గారు ఉన్నారా, ఏ నంబర్‌కి కాల్ చేయాలి, ఎక్కడికి రావాలి. ఒక్కోదాని కోసం ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చింది, ఎక్కడ పొరబాటున పక్క లింక్ మీద వేలు పడింది, అన్నీ కాగితం మీద రాసుకోండి.

నేను చేసిన ఒక పిల్లల క్లినిక్ పని ఈ కాగితంతోనే మొదలైంది. హోమ్ పేజీలో పెద్ద బొమ్మ, ఫోన్ నంబర్ ఆ బొమ్మలో భాగం. నొక్కితే కాల్ వెళ్లదు. చూసి గుర్తుపెట్టుకుని, డయలర్ తెరిచి కొట్టుకోవాలి. టైమింగ్స్ కోసం "సంప్రదించండి" అనే పేజీకి వెళ్లాలి. అక్కడ సాయంత్రం 5 నుంచి 8 అని ఉంది. కానీ హోమ్ పేజీలో పైన పరిగెత్తే అక్షరాల్లో 6 నుంచి 9 అని వస్తోంది. రెండిట్లో ఒకటే నిజం కదా. ఏది నిజమో నాకు తెలియదు, ఆ తల్లికీ తెలియదు.

నాకు ఇంతకంటే మంచి మొదటి మాట దొరకదు. ఇందులో సైట్ అందం గురించి ఏమీ లేదు. ఎవరి అభిరుచినీ తప్పుపట్టలేదు. క్లినిక్ వాళ్లు మనకి పని ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్లకి పనికొచ్చే సమాచారం. పైగా జవాబు ఇవ్వగలిగిన ప్రశ్న. మీ మెయిల్‌కి "మాకు బాగానే ఉంది" అని తలుపు వేసేయవచ్చు. "సాయంత్రం టైమింగ్ ఏది?" అని అడిగితే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెబుతారు. అన్ని సైట్లలో ఇలాంటిది దొరకకపోవచ్చు. మానేసిన డాక్టర్ పేరు ఇంకా ఉండటం, మ్యాప్ పాత చిరునామాకి తీసుకెళ్లడం, సెలవు నోటీసు రెండేళ్ల కిందటిది కావడం లాంటివి వెతకండి.

ఒక హద్దు మాత్రం దాటకండి. మామూలు మనిషి కంటికి కనబడేదే చూడండి. ఫారంలో వింత గుర్తులు కొట్టి చూడటం, అడ్మిన్ లాగిన్ పేజీ కోసం తడమటం లాంటివి అనుమతి లేకుండా చేస్తే చాలా దేశాల్లో నేరం కావచ్చు. "మీ సైట్‌లోకి ఎవరైనా దూరిపోవచ్చు, నేను చూశాను" అని మొదలుపెట్టే మనిషిని చూసి డాక్టర్ గారు భయపడేది సైట్ గురించి కాదు, ఆ మనిషి గురించే.

స్పీడ్ స్కోర్ కూడా మొదటి ఉత్తరంలో వద్దు. ఆ స్కోర్ ఒక మధ్యరకం ఫోన్, నెమ్మది నెట్‌వర్క్ ఉన్నాయనుకుని వేసే లెక్క. అదే పేజీని పది నిమిషాల తర్వాత చూస్తే ఇంకో అంకె రావచ్చు. మనకి అది పనిముట్టు. కానీ జీవితంలో సగం పరీక్షలు రాస్తూ గడిపిన మనిషికి వందకి 31 అంటే ఒకటే అర్థం.

మాటల్లో కూడా కొన్ని పక్కన పెట్టాలి. "అవుట్‌డేటెడ్", "పాతబడింది" అనేవి మీకే తెలుసు. "ప్రొఫెషనల్ లుక్ తెస్తాను" అన్నది కూడా అంతే, ఇప్పుడు ఆ లుక్ లేదని దాని అర్థం. "రీడిజైన్" అంటే ఉన్నదంతా పీకేస్తారని వినబడుతుంది. నేను "ఇప్పటి ఫోన్లకి సర్దడం" అంటాను. నిజానికి చేసే పనీ అదే.

నేను ఆ క్లినిక్‌కి పంపినది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"నమస్కారం డాక్టర్ గారూ. నేను వెబ్‌సైట్లు చేస్తుంటాను. నిన్న మీ క్లినిక్ సాయంత్రం టైమింగ్ కోసం ఫోన్‌లో చూస్తే హోమ్ పేజీలో 6 నుంచి 9 అని, సంప్రదించండి పేజీలో 5 నుంచి 8 అని ఉంది. ఏది సరైనదో నాకు తెలియలేదు, మీకు తెలియజేద్దామని రాస్తున్నాను. టీకాల పేజీలో ఏ వయసుకి ఏది అన్నది మీరు వివరించిన తీరు చాలా స్పష్టంగా ఉంది. ఆ పేజీ ఫోన్‌లో ఇంకా తేలిగ్గా చదవగలిగేలా, మీ నంబర్ నొక్కగానే కాల్ వెళ్లేలా సర్దవచ్చు. మీకు వీలైతే ఓపీ అయిపోయాక పది నిమిషాలు వచ్చి ఫోన్‌లోనే చూపిస్తాను. అవసరం లేదనుకుంటే ఇబ్బందేమీ లేదు, టైమింగ్ ఒక్కటి సరిచేయించండి."

మెచ్చుకోలు ఒక్కటే ఉంది, అదీ ఫలానా పేజీలో ఫలానా విషయం మీద. "మీ సైట్ చాలా బాగుంది, కానీ" అని మొదలుపెడితే ఆ "కానీ" ఎటు వెళ్తుందో అందరికీ తెలుసు. మెచ్చుకోదగ్గది నిజంగా ఏమీ కనబడకపోతే ఆ వాక్యం తీసేయండి, నష్టం లేదు. స్క్రీన్‌షాట్లు, కొత్త డిజైన్ నమూనా ఏవీ జతచేయకండి. అడగకుండానే కొత్త సైట్ చేసి తీసుకెళ్తే, "నీది ఎలా ఉండాల్సిందో చూడు" అని పక్కన పెట్టి పోల్చినట్టే అవుతుంది.

పిలుపు వచ్చిందనుకుందాం. లాప్‌టాప్ సంచిలోనే ఉంచండి. "మీ ఫోన్‌లో మీ సైట్ తెరిచి, ఒక పేషెంట్ తల్లి అనుకుని క్లినిక్‌కి కాల్ చేయండి" అని అడగండి. తర్వాత నోరు మెదపకండి. నేను ఎన్నిసార్లు చూశానో, వాళ్లు రెండు వేళ్లతో పేజీ పెద్దది చేస్తారు, పక్కకి జరుపుతారు, నంబర్ మీద నొక్కుతారు, ఏమీ జరగదు. ఒక డాక్టర్ గారు తనే "అరె, ఇది వెళ్లట్లేదేంటి" అన్నారు. లోపం ఆయన కనుక్కున్నారు కాబట్టి సమర్థించుకోవాల్సిన పని ఆయనకి లేదు. అప్పుడు మీరు కారణం చెప్పండి: "ఇది కట్టినప్పుడు కంప్యూటర్ తెరకి కట్టారు. ఫోన్ ఆ వెడల్పంతా కుదించి చూపిస్తోంది, అంతే."

లోపల జరిగేది కూడా అదే. పేజీలో viewport అనే ట్యాగ్ లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఆ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుని గీసి, తర్వాత చిన్న తెరలో పట్టేలా కుదిస్తుంది. కొత్త డెవలపర్లు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఉత్సాహంగా "ఒక్క లైన్ చాలు, ఇప్పుడే చేసిస్తా" అని ఆ ట్యాగ్ పెట్టేస్తారు. 1000 పిక్సెళ్లు అని ఖాయం చేసి కట్టిన పేజీకి ఆ ఒక్క లైన్ పెడితే అక్షరాలు పెద్దవవుతాయి గానీ, పేజీలో ఎడమ భాగమే తెర మీద కనబడి, మిగతాది పక్కకి జరుపుకుంటూ చదవాల్సి వస్తుంది. అంతకుముందు కనీసం పేజీ మొత్తం కనబడేది. అమరికంతా మార్చినప్పుడే ఆ ట్యాగ్ పెట్టాలి.

మరి మొదటి చిన్న పనిగా ఏం చేసిపెట్టవచ్చు? నేను మొత్తం సైట్ పని అడగను. ఉన్న పేజీ పైన ఒక్క పట్టీ పెడతానంటాను. కుదింపు లెక్క మనకి తెలుసు కదా: తెర వెడల్పు సుమారు 390 ఉన్న ఫోన్‌లో 980 కుదిస్తే ఐదింట రెండు వంతులవుతుంది. కాబట్టి 40 పిక్సెళ్ల అక్షరం 16 పిక్సెళ్లుగా కనబడుతుంది, అది హాయిగా చదివే సైజు.

```html
<div style="font-size:40px; padding:24px">
  <a href="tel:0000000000">కాల్ చేయండి</a>
  <br>సాయంత్రం 6 – 9
</div>
```

సున్నాల చోట క్లినిక్ నంబర్ వస్తుంది. కంప్యూటర్‌లో చూస్తే ఈ పట్టీ కాస్త భారీగా ఉంటుంది, ఆ మాట ముందే చెప్పండి. ఇది చెప్పుల్లేనప్పుడు కాళ్లకి గుడ్డ చుట్టుకున్నట్టు, తాత్కాలికం. కానీ పాత సైట్‌లో ఒక్క అక్షరం చెరపకుండా, ఒక పూటలో తేడా తెలుస్తుంది. మీ పనితనం చూసుకునే అవకాశం వాళ్లకి తక్కువ ఖర్చులో దొరుకుతుంది. దీనికి కూడా డబ్బు తీసుకోండి, తక్కువైనా సరే. ఉచితంగా చేస్తే తర్వాత వచ్చే ప్రతి మార్పూ ఉచితమే అనుకుంటారు.

వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఉన్నావిడతో మాట్లాడకుండా రాకండి. "టైమింగ్ ఎంత, ఈరోజు డాక్టర్ గారు ఉన్నారా" అని రోజుకి ఎన్ని కాల్స్ వస్తాయో అడగండి. ఆవిడకి కుదిరితే మూడు రోజులు ఒక కాగితం మీద గీతలు పెట్టమనండి. ఆ అంకె వాళ్లది, మీ లెక్క కాదు. పెద్ద పని గురించి మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ మాటలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది. "సైట్ మారిస్తే పేషెంట్లు పెరుగుతారు" అని మాత్రం నోరు జారకండి. అది మీ చేతిలో లేదు. ఇలాంటి కాల్స్ తగ్గడం, మూసి ఉన్న వేళకి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు తగ్గడం వరకే సైట్ చేయగలిగేది.

కించపరచకూడదు అన్నారని అన్నీ మెత్తగా చెప్పమనడం లేదు. ఒక్క విషయం సూటిగా చెప్పాలి. ఆ సైట్ http మీదే నడుస్తూ, అందులో పిల్ల పేరు, జబ్బు లక్షణాలు రాయమనే ఫారం ఉంటే, ఆ రాసిన వివరాలు దారిలో చదవగలిగే రూపంలో వెళ్తాయి. దీన్ని అమ్మకం మాటలతో కలపకండి. "నాకు పని ఇవ్వకపోయినా ఇది చేయించండి: లక్షణాల గడి తీసేసి పేరు, నంబర్ మాత్రం ఉంచండి, హోస్టింగ్ వాళ్లని సర్టిఫికెట్ పెట్టమనండి" అని చెప్పండి. Let's Encrypt సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగ్‌లలో దాన్ని పెట్టే ఏర్పాటు ఉంటుంది. అడ్రస్ పక్కన "Not secure" అని ఎందుకు వస్తోందని అడిగితే, 2018 జులై నుంచి క్రోమ్ http సైట్లన్నిటికీ అలా చూపించడం మొదలుపెట్టిందని చెప్పండి. అంటే ఈ సైట్ కట్టిన ఏడేళ్ల తర్వాత వచ్చిన మార్పు. ఎవరినీ నిందించనక్కర్లేకుండానే నిజం చెప్పినట్టవుతుంది.

పెద్ద పని దాకా మాట వెళ్తే, ఏం మారుస్తారో చెప్పే ముందు ఏం మార్చరో చెప్పండి. సైట్ అడ్రస్ అదే ఉంటుంది. డాక్టర్ గారు రాసుకున్న మాటలు అలాగే ఉంటాయి. పాత పేజీల లింకులు ఎవరి దగ్గరున్నా 301 దారిమళ్లింపుతో కొత్త పేజీకే వెళ్తాయి. క్లినిక్ మెయిల్ ఆగదు.

ఈ చివరి మాట ఊరికే అనకండి, చూసుకుని అనండి. ఒకసారి నేను సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మారుస్తూ నేమ్‌సర్వర్లు మార్చేశాను. మెయిల్ కూడా అదే డొమైన్ మీద నడుస్తోందని చూసుకోలేదు. ల్యాబ్ నుంచి రావలసిన రిపోర్టులు రాలేదు, మధ్యాహ్నం దాకా ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు. ఆ పూట నాకున్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ముందే ఈ ఒక్క కమాండ్ కొట్టి ఉంటే సరిపోయేది:

```
nslookup -type=mx example.com
```

అక్కడ వచ్చిన మెయిల్ సర్వర్ పేర్లు రాసుకోండి. మెయిల్‌కి సంబంధించిన TXT రికార్డులు కూడా పాత డీఎన్‌ఎస్ ప్యానెల్ నుంచి ఎత్తి రాసుకుని, కొత్త చోట అవన్నీ పెట్టాకే నేమ్‌సర్వర్ల జోలికి వెళ్లండి.

ఆ ప్యానెల్ లాగిన్ ఎవరి దగ్గరుంది అని అడిగినప్పుడు, సైట్ ఎవరు చేశారన్న సంగతి మళ్లీ పైకి వస్తుంది. "మా మేనల్లుడు చేశాడు, వాడి దగ్గరే అన్నీ ఉన్నాయి" అంటారు. డొమైన్ అతని పేరు మీదే ఉన్నా ముఖం చిట్లించకండి. "ఇన్నేళ్లు ఆగకుండా నడిపించారు, ఒకసారి ఆయనతో మాట్లాడితే నాకు పని సులువవుతుంది" అనండి. ఆ మేనల్లుడు మీ వైపు ఉంటే లాగిన్లు ఒక్క రోజులో వస్తాయి. అలిగితే నెలలు పడుతుంది.

మొదటి మెయిల్‌కి జవాబు రాకపోతే పది రోజులకి ఇంకొకటి పంపండి, రెండు వాక్యాలు చాలు. మూడోది వద్దు.

ఇక ఆ మొదటి డాక్టర్ గారి సంగతి. అక్కడ పని దొరుకుతుందని చెప్పలేను, కానీ ఒక మెయిల్ ఆయనకి బాకీ ఉన్నారు. ఆ సైట్‌లోనూ నంబర్ బొమ్మలోనే ఉందనుకుంటే, నేనైతే ఇలా రాస్తాను: "డాక్టర్ గారూ, పోయినసారి నేను రాసిన తీరు బాగాలేదు, క్షమించండి. మీ సైట్ దాని కాలానికి సరిగ్గా కట్టిందే. ఒక్క విషయం మాత్రం మీకు పనికొస్తుందని చెబుతున్నాను: హోమ్ పేజీలోని నంబర్ బొమ్మలో ఉండటం వల్ల ఫోన్‌లో నొక్కితే కాల్ వెళ్లట్లేదు. మీ సైట్ చూసుకునేవాళ్లకి చెబితే పది నిమిషాల్లో సరిచేస్తారు." కింద మీ పేరు రాయండి. ధరలు, చేసిన పనుల లింకులు ఏమీ పెట్టకండి.